మా బాబుకి తలలో నీరు అంటున్నారు, డయామాక్స్ మందుతో ఆరిపోతుందా?

గుణుపురం_రమణ:
అందరికీ నమస్కారం. మాది గుణుపురం, రాయగడ జిల్లా. బాబుకి అయిదో నెల నడుస్తోంది. నెలలు నిండే పుట్టాడు, కాన్పు కూడా మామూలుగానే అయ్యింది. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34.5 అని కార్డులో ఉంది. ఆరు వారాల సూది మందుకి వెళ్ళినప్పుడు 39.5, పది వారాలకి 42, పద్నాలుగు వారాలకి 44, మొన్న 47.5. మొదట్లో మా ఇంట్లో అందరూ వాళ్ళ తాత పోలిక, పెద్ద తల, తెలివైనోడు అవుతాడు అని మురిసిపోయారు, నేను కూడా అదే అనుకున్నాను అబద్ధం ఎందుకు. ఇప్పుడు మాడు ఉబ్బెత్తుగా ఉంటోంది, నిద్రపోతున్నప్పుడు కూడా దిగట్లేదు, కళ్ళు కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపిస్తోంది, రెండు రోజుల నుంచి పాలు కక్కుతున్నాడు. ఇక్కడ ప్రైవేటులో చూపిస్తే మాడు మీదనుంచి స్కానింగ్ తీసి తలలో నీరు పట్టింది అని చెప్పి డయామాక్స్ రాశారు, పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. స్కానింగ్ కాగితంలో రెండు పక్క వెంట్రికల్స్, మూడోది బాగా పెద్దవి, నాలుగోది నార్మల్ అని ఉంది. మా అమ్మేమో తలలో నీరు కదా, తల్లి నీళ్ళు తక్కువ తాగాలి, బాబుకి పాలు తగ్గించాలి అంటోంది. ఏం చెయ్యాలో తెలియట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_మెడికల్స్_అప్పారావు:
రమణా కంగారు పడకు. డయామాక్స్ మంచి మందే, మా షాపులో ఎక్కువగా కంటి డాక్టర్లు రాస్తారు, నీరు తయారవటం తగ్గిస్తుంది. దాంతో పాటు ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే లాసిక్స్ కూడా ఇస్తారు కొందరు. అసలు విషయం ఏంటంటే మెదడుకి రక్తానికి మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది, బ్లడ్ బ్రెయిన్ బారియర్ అంటారు, అది దెబ్బతింటే రక్తంలో నీరు లోపలికి కారిపోయి ఇలా పోగవుద్ది. మందు పడితే గోడ మళ్ళీ గట్టిపడుద్ది. పదిహేను రోజులు చూడు.

పర్లా_సత్యవతి:
నేను ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో సిస్టర్‌గా చేసి రిటైరయ్యాను. రమణ బాబూ, పదిహేను రోజులు ఆగొద్దు. మాడు ఉబ్బటం, కళ్ళు దిగటం, కక్కటం మూడూ కలిసి వచ్చాయంటే పెద్దాసుపత్రికి రేపే బయల్దేరు. మీ అమ్మగారికి చెప్పు, ఆ నీరు తాగిన నీరు కాదు. పాలు తగ్గిస్తే పిల్లాడు ఎండిపోతాడు తప్ప తల తగ్గదు. ఇలాగే నీళ్ళు మాన్పించి మాడు పీక్కుపోయిన పిల్లల్ని తెచ్చినవాళ్ళని చూశాను, మాడు దిగింది కదా అని సంతోషపడ్డారు కూడా, పిల్లాడికి ఒళ్ళంతా నీరు లేక దిగింది అది.

ఒక మాట, అక్కడ వెన్నులోంచి సూదితో నీరు తీస్తారు, దాంతో పిల్లాడికి వెంటనే ఉపశమనం వస్తుంది, భయపడొద్దు.

న్యూరో_పర్లా:
ఊరు పర్లాఖెముండి, పని న్యూరోసర్జరీ, ఊరు పేరు చూసి ఆగాను. రమణగారూ, సత్యవతమ్మ చెప్పిన మొదటి మాట నూటికి నూరుపాళ్ళు కరెక్టు, రేపే వెళ్ళండి. రెండో మాట మాత్రం మీ బాబు విషయంలో కాదు, అది చివర్లో చెప్తాను.

మీ స్కానింగ్ కాగితంలో ఉన్న ఒక్క ముక్కలోనే అసలు సంగతి ఉంది. మూడు గదులు పెద్దవి, నాలుగోది మామూలుగా ఉంది. మెదడు మధ్యలో నాలుగు గదులుంటాయి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీరు దిగుతుంది. రెండు పక్క గదుల్లోంచి మూడోదాంట్లోకి, అక్కణ్ణుంచి ఒక సన్న తూము గుండా నాలుగోదాంట్లోకి. నాలుగోదాన్నుంచి బయటికొచ్చి మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి చివరికి ఎక్కువ భాగం నడినెత్తి దగ్గర పెద్ద సిరలో రక్తంలో కలిసిపోతుంది అని ఎప్పట్నుంచో చెప్పుకుంటున్నాం. మూడు, నాలుగు గదుల మధ్య తూము పెద్దవాళ్ళలోనే ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఈ మొత్తం దారిలో అన్నిటికన్నా ఇరుకు అదే. తూముకి పైనున్న మడులు నిండిపోయి కిందిది మామూలుగా ఉందంటే ఎక్కడ పూడుకుందో మన వంశధార కింద వ్యవసాయం చేసేవాళ్ళెవరికైనా వేరే చెప్పక్కర్లేదు.

ఇక మందు సంగతి. గదుల్లో ద్రాక్షగుత్తిలాంటి రక్తనాళాల ముద్దలుంటాయి, నీరు ఎక్కువ భాగం తయారయ్యేది వాటిమీద. పెద్దవాళ్ళలో నిమిషానికి 0.35 మిల్లీలీటర్ల దగ్గర, అంటే రోజుకి అరలీటరు. కానీ ఏ సమయంలోనైనా లోపల ఉండేది 150 మిల్లీలీటర్లే, అంటే రోజుకి మూడు నాలుగుసార్లు పూర్తిగా మారిపోతుంది. చిన్నపిల్లల్లో లెక్క తక్కువే కానీ తీరు ఇదే. కష్టం ఎక్కడంటే ఆ ఊటకి కింద తూము మూసుకుందని తెలియదు. ఒత్తిడి పెరిగినా ఊరటం పెద్దగా తగ్గదు. డయామాక్స్ ఆ ఊటని కొంత తగ్గిస్తుంది నిజమే, అయితే పూర్తిగా ఆపలేదు. తూము మూసుకుపోయినప్పుడు ఊట సగానికి తగ్గినా చెరువు నిండటానికి రెండింతల రోజులు పడుతుంది, అంతే. పైగా పిల్లాడి రక్తంలో ఆమ్లం పెరిగి ఎగశ్వాస వస్తుంది, పాలు పట్టడు.

నెలలు తక్కువ పుట్టి మెదడులో రక్తం చిమ్మిన పిల్లల మీద డయామాక్స్, లాసిక్స్ రెండూ కలిపి పరీక్షించిన పెద్ద ట్రయల్ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తలలో నీటిని బయటికి మళ్ళించే గొట్టం, అదే షంట్, దాని అవసరం తగ్గలేదు, పైగా మందులిచ్చిన పిల్లల పరిస్థితే అధ్వాన్నంగా తేలింది. మీ బాబుది ఆ రకం కాదు కాబట్టి దాన్ని అచ్చంగా దీనికి అంటించను, కానీ మందుతో ఆరిపోతుందని పదిహేను రోజులు కూర్చోటానికి ఆధారం లేదు అనటానికి అది చాలు.

ఇప్పుడు వెన్ను సూది. తూము పైన ఒత్తిడి ఎక్కువ, కింద తక్కువ. మీరు కిందనుంచి నీరు తీస్తే ఆ తేడా ఇంకా పెరిగి మెదడు కిందికి జారే ప్రమాదముంది. మాడు తెరిచి ఉన్న పిల్లల్లో పెద్దవాళ్ళంత ప్రమాదం లేకపోవచ్చు, కానీ తీసినందువల్ల పైగదులు ఖాళీ అవ్వవు కాబట్టి లాభం కూడా లేదు. దారి తెరిచే ఉండి నీరు పీల్చుకోవటంలో మాత్రమే లోపం ఉన్న రకంలో అయితే వెన్ను సూది వాడతారు, సత్యవతమ్మ వార్డులో చూసినవి అవే అయ్యుంటాయి.

పర్లా_సత్యవతి:
అవును బాబూ, మేము చూసినవి ఎక్కువ మెనింజైటిస్ పిల్లలు. రకం తేడా నాకు తట్టలేదు. రమణా, నా రెండో మాట తీసెయ్యి.

రాయగడ_మెడికల్స్_అప్పారావు:
డాక్టరుగారూ నేను చదివింది తప్పా? బ్లడ్ బ్రెయిన్ బారియర్ దెబ్బతింటే మెదడు వాస్తుంది అని మా కంపెనీ రెప్‌లు ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. రమణ రిపోర్టులో కూడా గదుల చుట్టూ మెదడులో నీరు చేరింది అని ఉంటే మరి అది కారినట్టే కదా?

న్యూరో_పర్లా:
సగం కరెక్టు అప్పారావుగారూ. గోడ దెబ్బతింటే మెదడు వాస్తుంది, అది నిజం, గడ్డ చుట్టూ, దెబ్బ చుట్టూ అలాగే వాస్తుంది. కానీ ఇక్కడ గదుల్లో నీరు చేరటం ఆ గోడ వల్ల కాదు.

ఈ గోడ సంగతి బయటపడిన కథ వింటే తేలిగ్గా అర్థమవుతుంది. వందేళ్ళ క్రితం గోల్డ్‌మన్ అనే ఆయన జంతువుల రక్తంలోకి నీలం రంగు ఎక్కించాడు. ఒళ్ళంతా నీలమైంది, మెదడు మాత్రం తెల్లగా మిగిలింది. కానీ నేను చెప్పిన ద్రాక్షగుత్తి ముద్దలు నీలమయ్యాయి. ఆ తర్వాత 1913లో ఆయనే అదే రంగు నేరుగా మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి ఎక్కిస్తే మెదడు నీలమైంది, మిగతా ఒళ్ళు కాలేదు. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మెదడులో రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టినట్టు ఉంటాయి. ద్రాక్షగుత్తిలో మాత్రం నాళాలకి చిల్లులుంటాయి, రక్తంలోని నీరు బయటికి వస్తుంది, అయితే ముద్ద మీద తొడుగులా ఉన్న కణాల వరస దాన్ని ఆపుతుంది. ఆ కణాలు సోడియంని గదిలోకి తోడతాయి, దాని వెంట నీరు పోతుంది. అంటే అది కారిన నీరు కాదు, తోడిన నీరు. అందుకే తల్లి గ్లాసు నీళ్ళు తక్కువ తాగినంత మాత్రాన తోడటం ఆగదు, రమణగారి అమ్మగారికి కూడా జవాబు ఇదే. డయామాక్స్ పనిచేసేది కూడా ఆ కణాల మీదే, గోడని గట్టిపరచటం అనేది లేదు.

గదుల చుట్టూ మెదడులో నీరు చేరటం గురించి అడిగారు. గది లోపలి పూతకి, మెదడుకి మధ్య అలాంటి గట్టి కుట్లు లేవు. ఒత్తిడి పెరిగితే గదిలో నీరు పక్కనున్న మెదడులోకి చెమ్మలా దిగుతుంది, స్కానింగ్‌లో గది కొమ్ముల చుట్టూ నల్లగా కనిపిస్తుంది. గోడ పగిలి రక్తంలోంచి వచ్చింది కాదది, గదిలోంచి వచ్చింది. గోల్డ్‌మన్ రెండోసారి రంగు ఎక్కించినప్పుడు మెదడు నీలమవటానికి కారణం కూడా ఇదే.

బరంపురం_పెద్దాయన:
ఈ డయామాక్స్ నేనూ వాడాను, కంటికి. నా వయసు 74. ఈమధ్య నడుస్తుంటే కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఉంటాయి, పేర్లు మర్చిపోతున్నాను, బాత్రూమ్‌కి వెళ్ళేలోపే అయిపోతోంది. స్కానింగ్‌లో నాకూ గదులు పెద్దవి అన్నారు. అయితే నాకూ తూము మూసుకుందా? నా తల సైజు పెరగలేదు మరి, టోపీ అదే పడుతోంది.

న్యూరో_పర్లా:
పెద్దాయనా, మీది వేరే దారి. పెద్దయ్యాక పుర్రె ఎముకలు అతుక్కుపోతాయి కాబట్టి తల పెరగదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ కలిసి ఉంటే, తూము తెరిచే ఉన్నా గదులు పెద్దవయ్యే ఒక రకం ఉంది, మీ వయసువాళ్ళలో వస్తుంది. అందులోనే వెన్నులోంచి ముప్పై నలభై మిల్లీలీటర్లు తీసి, తీసేముందు, తీశాక నడక ఎలా ఉందో చూస్తారు. వయసుతో మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి స్కానింగ్ ఒక్కటే చూసి చెప్పలేం. న్యూరాలజిస్టుని కలవండి, వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ రమణగారిది ఉండనిద్దాం.

కాశీనగర్_లక్ష్మి:
మా పాప కథ చెప్పాలనిపించింది. 14 నెలలప్పుడు దానికీ తల పెరిగింది, కక్కేది. కానీ మాకు నాలుగు గదులూ పెద్దవి అన్నారు. ఎక్కడా అడ్డు కనపడలేదు, ఎడమ గదిలో ఆ గుత్తి దగ్గరే కాలీఫ్లవర్ లాంటి గడ్డ ఉంది, పాపిల్లోమా, క్యాన్సర్ కాదు అన్నారు. ఆపరేషన్‌కి ముందు తలలోంచి గొట్టం పెట్టి సంచిలోకి నీరు వదిలారు. రోజూ సిస్టరు రాసేది, ఒకరోజు 700 మిల్లీలీటర్లు దాటింది, ఏడాది పిల్లకి! డాక్టరే నమ్మక రెండోసారి కొలిపించారు. గడ్డ తీశాక రెండో రోజుకే సంచి సగం కూడా నిండలేదు. అంటే ఊటే ఎక్కువ అయిన కేసు మాది. కానీ గడ్డ పోయాక కూడా మూడు వారాలకి మళ్ళీ తల పెరిగి షంట్ వేశారు. గడ్డే కారణమైతే గడ్డ పోయాక నీరెందుకు చేరింది? ఇప్పటికీ నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

న్యూరో_పర్లా:
లక్ష్మిగారూ, తలలో నీరు చేరే పిల్లల్లో ఊట ఎక్కువై వచ్చేది చాలా అరుదు, మీ పాపది ఆ అరుదైన రకం. మీ ప్రశ్నకి ఒక జవాబు ఉంది, పూర్తిది కాదు. ఆ గడ్డలు కొద్దికొద్దిగా రక్తం కారుస్తాయి, నీటిలో ప్రోటీన్ పెరుగుతుంది, ఆపరేషన్‌లో కూడా కొంత రక్తం నీటిలో కలుస్తుంది. అవన్నీ నీరు పీల్చుకునే చోట్లని పూడుస్తాయి. ఊట మామూలైనా నీరు పీల్చుకునే దారి పాడైందన్నమాట. ఊట ఎక్కువవటం ఒక్కటే చాలా, దాంతో పాటు పీల్చుకోవటం కూడా చెడాలా అనేది మాలోనే వాదన నడుస్తోంది. ఇంకో సంగతి, నడినెత్తి దగ్గరున్న మొటిమల్లాంటి వాటిద్వారానే నీరంతా పీల్చుకుంటుంది అని మేము చదువుకున్నాం, పసిపిల్లల్లో అవి సరిగ్గా తయారవ్వవు కూడా, మరి వాళ్ళలో నీరు ఎటు పోతోంది? ముక్కు పైన నరాల వెంబడి, మెదడు పొరల్లోని లింఫు నాళాల వెంబడి పోతుందని ఇప్పుడు చూపిస్తున్నారు. ఎటు ఎంత పోతుందో లెక్క తేలలేదు.

గుణుపురం_రమణ:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి బయల్దేరి వైజాగ్ వచ్చాం. ఎమ్మారై తీశారు, డాక్టరుగారు చెప్పినట్టే తూము దగ్గర సన్నబడి దాదాపు మూసుకుంది, పుట్టుకతో అయ్యుండొచ్చు అన్నారు. ఇప్పుడు రెండు దారులు చెప్పారు. ఒకటి షంట్, తలలోంచి పొట్టలోకి గొట్టం. రెండోది దుర్బీనుతో మూడో గదికి అడుగున చిల్లు పెడతారట, గొట్టం ఉండదు. ఏది మంచిది అంటే మీరే ఆలోచించుకోండి అంటున్నారు. ఇద్దరు డాక్టర్లు చెరో మాట చెప్తున్నారు. నేను ఆటో నడుపుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుంది ఏది మంచిదో.

న్యూరో_పర్లా:
ఇద్దరూ తప్పు చెప్పట్లేదు రమణగారూ. చిల్లు పెట్టటం అంటే పూడుకున్న తూముని వదిలేసి గట్టుకి పక్కన గండి కొట్టినట్టు. మూడో గది అడుగు చాలా పల్చగా ఉంటుంది, అక్కడ తెరిస్తే నీరు నేరుగా మెదడు కింది ఖాళీలోకి వెళ్తుంది. పనిచేస్తుందో లేదో ముందే అంచనా కట్టటానికి కులకర్ణి అనే సర్జన్, ఆయన తోటివాళ్ళు ఒక స్కోరు తయారుచేశారు. మీ బాబుకి లెక్కేద్దాం. వయసు ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, దానికి 10. కారణం తూము ఇరుకవటం, దానికి 30, అది మంచి స్కోరు. ఇంతకుముందు షంట్ లేదు, ఇంకో 10. మొత్తం 50. అంటే ఆరు నెలల దాకా నిలబడే అవకాశం సగం సగం. ఇదే బాబుకి ఆరు నెలలు నిండాక అయితే వయసుకి 30 వచ్చి మొత్తం 70 అయ్యేది. అలాగని నెల ఆగటానికి లేదు, కక్కుతూ కళ్ళు దిగిపోయిన పిల్లాడు.

షంట్ ఇప్పుడే తప్పకుండా నీరు లాగుతుంది. కానీ అది యంత్రం. పిల్లల్లో మొదటి ఏడాదిలోనే పదింట మూడు నాలుగు ఏదో ఒక కారణంతో చెడతాయి. ఎక్కువసార్లు మూసుకునేది పైకొస, ఆ ద్రాక్షగుత్తే గొట్టం రంధ్రాల్లోకి దూరి పూడుస్తుంది. ఇంకొన్నిటికి ఇన్ఫెక్షన్ వస్తుంది, అప్పుడు గొట్టం తీసెయ్యాలి, కొన్నిసార్లు మందుని నేరుగా గదిలోకే ఎక్కించాలి, ఎందుకంటే అప్పారావుగారు చెప్పిన ఆ గోడే వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లని రక్తంలోంచి లోపలికి సరిగ్గా రానివ్వదు.

నేనైతే మొదట చిల్లు పెట్టి చూస్తాను, కాకపోతే షంట్ ఎలాగూ ఉంది. ముందు గొట్టమే వెయ్యొచ్చుగా అని నన్నడిగే పిల్లల డాక్టర్లు కూడా ఉన్నారు, వాళ్ళ వాదన ఏంటంటే గుణుపురం నుంచి వైజాగ్ దూరం, చిల్లు రాత్రికి రాత్రి మూసుకుపోతే ఏం చేస్తావని. ఆ మాటకీ బరువుంది.

రాయగడ_మెడికల్స్_అప్పారావు:
డబ్బు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఒడిశా కార్డు వైజాగ్‌లో చెల్లుద్దో లేదో ముందు కౌంటర్‌లో కనుక్కో రమణా. షంట్‌లో మన దేశంలో తయారయ్యేది ఛాబ్రా షంట్, ఇంపోర్టెడ్ దానికన్నా చాలా చవక. చవకది కదా అని భయపడకు, ఉగాండాలో పిల్లల మీద ఖరీదైనదానితో పోల్చి చూస్తే తేడా రాలేదని చదివాను. డాక్టరుగారూ ఇదైనా కరెక్టేనా?

న్యూరో_పర్లా:
అది కరెక్టు అప్పారావుగారూ. వార్ఫ్ అనే సర్జన్ చేసిన పని.

గుణుపురం_రమణ:
ఆలస్యమైంది, క్షమించండి. చిల్లు పెట్టారు. ఈరోజుకి 24 రోజులు. మాడు దిగింది, చెయ్యి పెడితే మెత్తగా తగుల్తోంది. కళ్ళు పైకి చూస్తున్నాడు, కక్కటం లేదు. తల మొదటి వారం 47.5, రెండో వారం 47.5, ఇవాళ 47.8. మళ్ళీ స్కానింగ్ తీస్తే గదులు కొంచెమే తగ్గాయి అన్నారు, మా ఆవిడ ఏడుస్తోంది, ఇంకా పెద్దవే ఉన్నాయి అని. 0.3 పెరిగింది అంటే మూసుకుపోతున్నట్టా?

పర్లా_సత్యవతి:
అదే టేపుతో కొలిచావా? బట్టలకొట్టు టేపు సాగుతుంది. కనుబొమల పైన, వెనక ఉబ్బెత్తు మీదుగా, మూడుసార్లు కొలిచి పెద్దది రాయి. కొలిచేవాళ్ళు మారినా అరసెంటీమీటరు తేడా వస్తుంది.

న్యూరో_పర్లా:
చిల్లు పెట్టాక గదులు త్వరగా తగ్గవు, ఎప్పటికీ మామూలు సైజుకి రాకపోవచ్చు కూడా. చూడాల్సింది మాడు, కళ్ళు, కక్కటం, టేపు. అయిదు నెలలు దాటిన పిల్లాడికి నెలకి అరసెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా పెరగటం మామూలే, కాబట్టి 24 రోజుల్లో 0.3 నన్ను భయపెట్టదు. అయినా పసిపిల్లల్లో మూసుకునేవి ఎక్కువగా మొదటి మూడు నెలల్లో మూసుకుంటాయి. వారానికి ఒకసారి కొలవండి, వారంలో సెంటీమీటరు దాటినా, మాడు మళ్ళీ బిగిసినా రాత్రయినా సరే బండెక్కండి. చిల్లు మూసుకుంటే నిదానంగా చెప్పి మూసుకోదు.

కాశీనగర్_లక్ష్మి:
రమణా, ఆదివారం నేను గుణుపురం వస్తున్నా, మా పాప వార్డులో ఇచ్చిన సాగని టేపు నా దగ్గరుంది, తెస్తాను. డాక్టరుగారూ, మా పాపకి ఇప్పుడు ఆరేళ్ళు, షంట్ ఉంది. పొద్దున్న లేవగానే తలనొప్పి అంటోంది, స్కూలుకి వెళ్ళాక తగ్గిపోతోంది. పది రోజులైంది. స్కూలు ఎగ్గొట్టటానికి అనుకుంటున్నారు ఇంట్లో.

న్యూరో_పర్లా:
పడుకుంటే ఎక్కువై లేస్తే తగ్గే తలనొప్పి, షంట్ ఉన్న పిల్లకి. ఆదివారం దాకా ఆగకండి లక్ష్మిగారూ, రేపే స్కానింగ్ తీయించండి, పాత స్కానింగులు పక్కన పెట్టి పోల్చమనండి. గదులు పెరగకపోయినా షంట్ మూసుకుని ఉండొచ్చు, అది కూడా గట్టిగా చెప్పండి వాళ్ళకి.

కాశీనగర్_లక్ష్మి:
సరేనండి. టేపు మా తమ్ముడి చేత పంపిస్తాను రమణా.